ఆఖరి నిమిషంలో మానేసే అలవాటు: స్నేహితురాలికి క్షమాపణ ఎలా చెప్పాలి, ఆ తర్వాత ఏం చెయ్యాలి

ఒకసారి రాలేకపోతే కారణం చెప్తే సరిపోతుంది. అయిదోసారి కూడా కారణమే చెప్తే ఎదుటి మనిషి వినడం మానేస్తుంది. మీరు చెప్పిన అయిదు కారణాలూ విడివిడిగా నిజమే కావచ్చు. చుట్టాలొచ్చారు, డ్యూటీ మారింది, ఒంట్లో బాగోలేదు. ఆమెకు గుర్తుండేది మాత్రం ఒక్కటే: తను చీర కట్టుకుని తాళం వేసేవేళకి ఫోన్ మోగుతుంది. అందుకే ఇక్కడ క్షమాపణ చెప్పవలసింది ముఖ్యంగా ఆలస్యంగా చెప్పినందుకు. రాలేకపోవడం ఆ తర్వాతి మాట.

ఒక ఉదాహరణ పట్టుకుని మొదటినుంచి చివరిదాకా చూద్దాం. మీరు విజయనగరంలో ఉంటారు, ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో షిఫ్టుల్లో పని చేస్తారు అనుకోండి. మీతో డిగ్రీ చదివిన స్నేహితురాలు శ్రీకాకుళంలో బడిలో టీచరు. ఆమెకి తీరిక దొరికేది ఆదివారమే. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు లోపల అయిదుసార్లు కలుద్దామనుకున్నారు, అయిదుసార్లూ మీరే మానేశారు. మీరు మగవాళ్ళయినా, ఊళ్ళు అటూ ఇటూ అయినా పద్ధతి మారదు.

ముందు జాబితా రాయండి

క్షమాపణకి ముందు కాగితం, పెన్ను కావాలి. వాట్సాప్‌లో ఆమెతో మీ సంభాషణ తెరిచి, పైన మూడు చుక్కల్లో ఉండే సెర్చ్‌లో మీరు మామూలుగా రాసే మాటలు వెతకండి: ‘రాలేను’, ‘సారీ’, ‘ఈసారికి’, ‘నెక్స్ట్ వీక్’. ఆ మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో టైపు చేసే అలవాటుంటే అలాగే వెతకాలి. కాల్ చేసి మానేసినవి అక్కడ దొరకవు గనక కాల్ లిస్టు కూడా చూసుకోండి. దొరికిన ప్రతిదానికీ నాలుగు సంగతులు రాయాలి. ఎక్కడికి వెళ్దామనుకున్నారు, మీరు ఎప్పుడు మానేశారు, అప్పటికి ఆమె ఏమేం చేసేసింది, మీకు ఆ సంగతి అసలు ఎప్పుడు తెలిసింది. ఈ నాలుగోది చాలామంది రాయరు. నిజానికి పనికొచ్చేది అదే.

మన ఉదాహరణలో జాబితా ఇలా వస్తుంది. ఫిబ్రవరిలో శ్రీకూర్మం ప్రయాణం. ఆదివారం పొద్దున్న 8.40కి ఫోన్ చేశారు, అప్పటికే ఆమె ఆటో మాట్లాడి ఉంచింది. చుట్టాలు వస్తున్నారని మీకు తెలిసింది శనివారం రాత్రి 9కి. ఏప్రిల్‌లో ఆమె చెల్లెలి పెళ్ళికి విజయనగరంలో చీరలు కొనాలి. శనివారం రాత్రి 10.30కి తలనొప్పి అని మెసేజ్ పెట్టారు. అసలు సంగతి జీతం పడలేదు, అది సాయంత్రం 6కే తెలుసు. జూన్‌లో శ్రీకాకుళంలో 6 గంటల ఆట సినిమా. టికెట్లు ఆమే తీసింది. మీరు 5కి ఫోన్ చేసి డ్యూటీ పొడిగించారన్నారు. ఆ సంగతి మధ్యాహ్నం 2కే ఖాయమైపోయింది. ఆగస్టులో వాళ్ళ అబ్బాయి పుట్టినరోజు భోజనం. నైట్ డ్యూటీ చేసొచ్చి, పొద్దున్న 7కే ఇక వెళ్ళలేననుకున్నారు, చెప్పింది మధ్యాహ్నం 12కి. సెప్టెంబరులో ఆమే విజయనగరం వస్తోంది. ఆదివారం 8.30కి మీరు ఫోన్ చేసేసరికి బస్సు రణస్థలం దాటింది. మీ డ్యూటీ మారింది శనివారం సాయంత్రం 4కి.

తెలిసిన గంటకీ చెప్పిన గంటకీ మధ్య ఎంత ఉందో పక్కన వెయ్యండి. దాదాపు పన్నెండు గంటలు, నాలుగున్నర, మూడు, అయిదు, పదహారున్నర. కారణాలన్నీ వేరు, ఈ ఖాళీ మాత్రం ప్రతిసారీ ఉంది. మీ తప్పు ఉన్నది ఈ ఖాళీలోనే. జూన్‌లో 5 గంటలకి ఫోన్ చేశారంటే ఇంకో సంగతి కూడా ఉంది. 6 గంటల ఆటకి శ్రీకాకుళం చేరాలంటే ఆ వేళకి మీరు బస్సులో ఉండాలి. ఆ లెక్క ఆమెకి మీకన్నా బాగా తెలుసు. మీరు బయల్దేరనే లేదని, ఎప్పుడో తెలిసి దాచారని అప్పుడే ఆమెకి అర్థమైపోయి ఉంటుంది.

జాబితాలో మరొకటి కూడా కనిపిస్తుంది. అయిదింటిలో మూడు డ్యూటీ వల్ల, ఒకటి చుట్టాల వల్ల, ఒకటి డబ్బు వల్ల. ఇది ఆమెకి చదివి వినిపించడానికి కాదు, తర్వాత ప్రణాళిక వేసుకునేటప్పుడు ముందు దేన్ని పట్టుకోవాలో మీకు తెలియడానికి.

చెప్పడం

క్షమాపణ చెప్పడానికి కలుద్దామని ఇంకో ఆదివారం ఖాయం చెయ్యకండి. అది కూడా తప్పిపోతే తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదు. ఫోన్ చాలు. మెసేజ్ వద్దు. ఏప్రిల్ తలనొప్పి వచ్చింది మెసేజ్‌లోనే కాబట్టి, ఆమెకి ఇదీ అలాంటిదే మరొకటిలా కనిపిస్తుంది. మానేసిన రోజునే చెయ్యకండి. ఆ రోజు మీకు కావలసింది మీ మనసు తేలికపడడం, అది గొంతులో వినిపిస్తుంది. రెండు మూడు రోజులు పోయాక, బడి అయిపోయి ఆమె ఇంటికి చేరి టీ తాగే వేళ చూసుకుని, ముందు ‘పది నిమిషాలు తీరుబాటుందా’ అని అడగండి. లేదంటే ఎప్పుడుంటుందో ఆమెనే చెప్పమని, సరిగ్గా ఆ వేళకి చెయ్యండి. ఆ ఫోన్ ఒక్క పావుగంట ఆలస్యమైనా మీరు చెప్పబోయే మాటలన్నిటికీ విలువ పోతుంది.

ఏం చెప్పాలి? ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో రాయ్ లెవికీ, సహ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో క్షమాపణని ఆరు భాగాలుగా విడదీసి, ఏ భాగం ఎంత పని చేస్తుందో జనాన్ని అడిగి చూశారు. అన్నిటికన్నా బరువైనది ‘తప్పు నాదే’ అని ఒప్పుకోవడం. తర్వాతది జరిగినదాన్ని సరిదిద్దుతానని చెప్పడం. అన్నిటికన్నా తక్కువ పనికొచ్చింది ‘నన్ను క్షమించు’ అని అడగడం. మనం సాధారణంగా దీన్ని తలకిందులుగా చేస్తాం. క్షమించమని పదిసార్లు అడిగి, తప్పు దగ్గరికి వచ్చేసరికి డ్యూటీ మీదికి తోసేస్తాం.

ఆ లెక్కన ఫోన్‌లో చెప్పవలసింది నిమిషం మాట. ఇలా ఉండొచ్చు:

“ఏటే, మొన్నాదివారం గురించి చెప్పాలి. ఆ ఒక్కటే కాదు, ఫిబ్రవరి నుంచి అయిదుసార్లు ఇలాగే చేసేను. మొన్న నువ్వు రణస్థలం దాటేసేక ఫోన్ చేసేను. నా డ్యూటీ మారిందని నాకు శనివారం నాలుక్కే తెలుసు. చెప్తే ఏటనుకుంటావో అని రాత్రంతా నాన్చేను. చిన్నోడి పుట్టినరోజుకి నువ్వు వండి కూర్చుంటే పన్నెండింటికి చెప్పేను. ఏప్రిల్లో తలనొప్పి అన్నాను కదా, అది అబద్ధం, చేతిలో డబ్బుల్లేవు. తప్పు నాదే. ఇక మీద నువ్వు రమ్మంటే అప్పుడే సరే అనను, చూసుకుని మర్నాడు రాత్రి ఎనిమిది లోపల చెప్తాను. సరే అన్నాక అనుమానమొస్తే వచ్చిన గంటలోనే చెప్తాను. ఈ మూడు నెలలూ నేనే శ్రీకాకుళం వస్తాను. నువ్విప్పుడే ఏం చెప్పక్కర్లేదు.”

ఇందులో ‘రణస్థలం’, ‘శనివారం నాలుక్కే’ అన్నవి తీసేసి ‘నీకు చాలా ఇబ్బంది కలిగించాను’ అని పెట్టి చూడండి, మాట వెంటనే నీరుగారిపోతుంది. తను పడ్డ అవస్థ మీకు కచ్చితంగా తెలుసునని ఆమెకి అనిపించేది ఆ వివరాల వల్లే. అయితే అయిదింటినీ వరసగా చదవకూడదు, నేరపత్రంలా ఉంటుంది. ఆమెని ఎక్కువ బాధపెట్టినవి రెండు తీసుకుంటే చాలు. తలనొప్పి అబద్ధం చెప్పాలా వద్దా అన్నది కొంచెం ఆలోచించుకోవలసినది. మీరు దాచారని ఆమెకి ముందే అనుమానం ఉంటే చెప్పడమే మేలు. లేకపోయినా, డబ్బు సంగతి దాచుతూ పోతే తర్వాతి షాపింగుకీ అదే అబద్ధం అవసరమవుతుంది.

ఈ మాటల్ని పాడుచేసేవి కొన్ని ఉన్నాయి. ‘మా ఇంట్లో సంగతి నీకు తెలుసు కదా’ అన్న వాక్యం మొదటిది. అందులో తప్పు అత్తగారి మీదికో ఆసుపత్రి మీదికో వెళ్ళిపోతుంది. రెండోది ఏడుపు. మీరు ఏడిస్తే ఓదార్చే పని ఆమెకి పడుతుంది. మూడోది చీరో స్వీట్ ప్యాకెట్టో పట్టుకెళ్ళడం. తీసుకున్నాక కోపంగా ఉండడానికి ఆమెకి మొహమాటం, కానీ కోపం పోదు. సినిమా టికెట్ల డబ్బు మాత్రం వేరు, అది బాకీ. ‘జూన్ టికెట్లవి’ అని ఒక్క మాట రాసి ఫోన్ పేలో పంపెయ్యండి. బస్సు చార్జీ లెక్కకట్టి ఇస్తానంటే మాత్రం మన ప్రాంతంలో అవమానంగానే తీసుకుంటారు.

ఆమె జవాబు చాలావరకు ‘పర్లేదులే’ అనే వస్తుంది. దాన్ని పరిష్కారం అనుకోకండి. అంతటితో ఫోన్ పెట్టేద్దామనే మర్యాద అది. ‘పర్లేదని నువ్వనేస్తావు, కానీ నేను మార్చుకుంటాను’ అని ఆపండి. కోపం బయటపెట్టిందనుకోండి, అది నిజంగా మంచి సూచన. మీ జాబితాలో లేని ఆరోదీ ఏడోదీ తీస్తుంది. పోయినేడు రథసప్తమికి అరసవల్లిలో క్యూలో నిలబెట్టి రాలేదంటుంది. అది పూర్తిగా నిజం కాకపోయినా సరిదిద్దవద్దు, విని కాగితం మీద రాసుకోండి. ఏమీ మాట్లాడకపోతే రెండోసారి అడగకండి. మూడు వారాలు ఆగండి.

మార్పు ‘సరే’ దగ్గర మొదలవ్వాలి

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. మానెయ్యకుండా ఉండాలని గట్టిగా అనుకుంటారు. కానీ ఆదివారం పొద్దున్న, నైట్ డ్యూటీ చేసొచ్చిన మనిషి దగ్గర ఆ గట్టిదనం ఉండదు. తప్పు జరిగేది మంగళవారం ఫోన్‌లో, ‘ఆ, వస్తానే’ అన్నప్పుడు. ఇవాళ తీరిక లేకపోయినా వచ్చే వారం తప్పకుండా ఉంటుందని మనిషి ఊహించుకుంటాడని గాల్ జాబర్మన్, జాన్ లించ్ 2005లో ప్రయోగాలతో చూపించారు. డబ్బు విషయంలో కన్నా సమయం విషయంలో ఈ భ్రమ ఎక్కువ. దీనికి విరుగుడు ఒక ప్రశ్న: ‘ఇది వచ్చే ఆదివారం కాక రేపే అయితే, వెళ్తానా?’ రేపైతే కష్టం అనిపిస్తే వచ్చే ఆదివారం కూడా కష్టమే.

కాబట్టి మొదటి నియమం, ఫోన్‌లో ఉండగా ‘సరే’ అనకూడదు. ‘చూసి రేపు రాత్రి ఎనిమిదికి చెప్తాను’ అనండి, ఫోన్ పెట్టగానే మర్నాడు రాత్రి 7.30కి అలారం పెట్టండి. ఆ లోపు మూడు చూడాలి: డ్యూటీ, ఇల్లు, చేతిలో డబ్బు. ఇంట్లోవాళ్ళని నిజంగా అడగాలి. ఆ ఆదివారం ఎవరైనా వస్తామన్నారా అని అడక్కుండా ‘సరే’ అంటే ఫిబ్రవరి కథ మళ్ళీ మొదటికొస్తుంది. మూడింటిలో ఏ ఒక్కటి తేలకపోయినా జవాబు ‘ఈసారి కుదరదు’. అలా అనడానికి మొహమాటపడేవాళ్ళకి ఒక మాట. జూలియన్ గివి, కాలీన్ కర్క్ 2023లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పిలుపు కాదంటే ఎదుటివాళ్ళు ఎంత నొచ్చుకుంటారని మనం అనుకుంటామో, వాళ్ళు నిజంగా నొచ్చుకునేది అంతకన్నా తక్కువ. మంగళవారం కాదంటే ఆమె మరో పని పెట్టుకుంటుంది. ఆదివారం పొద్దున్న అలా పెట్టుకోలేదు.

మన ఉదాహరణలో డ్యూటీదే పెద్ద వాటా గనక దానికి విడిగా ఏర్పాటు కావాలి. ఆదివారం ముందుగా ఎంచుకుని డ్యూటీ కుదురుతుందని ఎదురుచూడకండి. నెల మొదటి వారంలో సూపర్‌వైజర్‌ని అడిగి ఒక ఆదివారం వీక్లీ ఆఫ్ రాయించుకోండి. అది ఖాయమయ్యాకే ఆమెకి తేదీ చెప్పండి. ముందురోజు నైట్ డ్యూటీ పడకూడదని కూడా అప్పుడే అడగాలి. ఆగస్టులో పుట్టినరోజు తప్పింది అందుకే. ప్రత్యామ్నాయంగా మీ డ్యూటీ చెయ్యగల ఒక సహోద్యోగిని ముందే మాట్లాడి ఉంచుకోండి, బదులుగా ఆమె డ్యూటీ ఒకటి మీరు చెయ్యాలి. ఇవేవీ కుదరని నెలలో తేదీ పెట్టుకోకండి, ఫోన్‌లో మాట్లాడుకోండి.

నెలకి ఒక్కసారే. క్షమాపణ ఊపులో ‘ఇక ప్రతి ఆదివారం కలుద్దాం’ అనేస్తారు, రెండో వారానికే తప్పుతుంది. మూడు నెలలకి మూడు కలయికలు, మూడూ ఆమె ఊళ్ళో, ఒక్కోటి రెండు గంటలు. ఆమె ఊళ్ళో ఎందుకంటే, మీరు తప్పినా ఆమె బస్సులో ఇరుక్కోదు. తేదీలు పెట్టేటప్పుడు దసరా తర్వాతి మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్నీ, సంక్రాంతినీ వదిలెయ్యండి. సిరిమానుకి ముందురోజైన తొలేళ్ళ నాటికే ఊళ్ళో ఏ ఇల్లు చూసినా చుట్టాలే ఉంటారు. కార్తీకమాసపు ఆదివారాలు కూడా ప్రమాదమే, ఎవరో ఒకరు వనభోజనాలకి లాక్కుపోతారు.

ప్రయాణం లెక్క కూడా ముందే వేసుకోవాలి. విజయనగరం నుంచి శ్రీకాకుళం అంటే ‘గంటన్నర’ అనేస్తాం. ఆ గంటన్నరలో లేనివి చాలా ఉన్నాయి. ఇంటి నుంచి కాంప్లెక్సుకి ఇరవై నిమిషాలు, బస్సు కోసం మరో ఇరవై, దారిలో ఆగుతూ పోతే గంటా నలభై అయిదు, అక్కడ దిగి ఆమె ఇంటికి పావుగంట. మొత్తం రెండు గంటల నలభై నిమిషాలు. పదకొండుకి కలవాలంటే 8.20కి ఇంట్లోంచి కదలాలి. రైలు త్వరగా వెళ్తుందనిపిస్తుంది గానీ శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడినుంచి ఊళ్ళోకి ఇంకో 13 కిలోమీటర్లు వెళ్ళాలి. ఈ లెక్క వెయ్యకపోతే 9.30కి ‘ఇప్పుడు బయల్దేరినా అందుకోలేను’ అనిపిస్తుంది, ఆ ఆలోచనే ఫోన్ చేయించి మానిపిస్తుంది. ఆలస్యమవుతుందని తెలిస్తే ఎంత ఆలస్యమో చెప్పి అయినా వెళ్ళండి. పన్నెండింటికి చేరిన మనిషి మీద ఆమె విసుక్కుంటుంది, అంతే.

అనుమానం వచ్చినప్పుడు

సరే అన్నాక కూడా అడ్డంకులు వస్తాయి. ముందురోజు సాయంత్రం 6 గంటలు గడువుగా పెట్టుకోండి. అంతకుముందు ఏ కారణానికైనా మానెయ్యొచ్చు. ఆ తర్వాత ఆసుపత్రిలో చేర్చవలసిన జబ్బు, చావు కబురు, మార్చుకోవడం కుదరని డ్యూటీ, ఈ మూడింటికే. అలసట, బద్ధకం, అనుకోని చుట్టాలు ఈ జాబితాలో లేవు. చుట్టాలకి ఉప్మా పెట్టి, సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పి బయల్దేరవచ్చు.

నిజంగా పాత అలవాటుని విరిచేది మరొకటి. అనుమానం వచ్చిన గంటలోనే, ఇంకా ఏదీ తేలకముందే చెప్పెయ్యడం. ‘డ్యూటీ మారుస్తారేమోనని మాటొచ్చింది, ఇంకా తెలీదు, ఆరు లోపల తేల్చి చెప్తాను.’ ఇంతే. సూపర్‌వైజర్‌తో మాట్లాడాక చెప్దాం, ఏదో ఒకటి కుదురుతుందేమో అని ఆగడంలోంచే ఆ పదహారున్నర గంటలు పుట్టాయి. ఆమె దాన్నిబట్టి ఆటో మాట్లాడడం ఆపుతుంది, ఒక గ్లాసు బియ్యం తగ్గించి పోస్తుంది. మీరు నిజంగా రాలేకపోయినా ఆమెకి నష్టం ఉండదు.

గడువు దాటాక మానెయ్యక తప్పకపోతే ఫోనే చెయ్యాలి. ఎత్తకపోతే మెసేజ్ పెట్టి మళ్ళీ చెయ్యాలి. కారణం ఒక్క వాక్యంలో, ఎప్పుడు తెలిసిందో కూడా చేర్చి. తర్వాతి తేదీ అక్కడికక్కడే మీరు పెట్టకండి, ‘నీకు కుదిరేది చెప్పు, నేను డ్యూటీ చూసుకుని రేపు ఎనిమిదికి చెప్తాను’ అనండి.

మూడు నెలల్లో ఏం కనిపిస్తుంది

అదే కాగితం వెనక కొత్త జాబితా నడపండి: పిలుపు, జవాబిచ్చిన వేళ, వెళ్ళారా లేదా, అనుమానం వస్తే తెలిసిన గంటా చెప్పిన గంటా. ఆ రెండింటి మధ్య ఖాళీ గంటకి మించకపోతే ప్రణాళిక పని చేస్తున్నట్టే, మూడింటిలో ఒకటి తప్పిపోయినా సరే. మూడూ వెళ్ళినా ప్రతిసారీ ఆదివారం పొద్దున్నదాకా ఊగిసలాడి వెళ్ళారంటే లోపల ఇంకేదో ఉంది. డబ్బు ఇబ్బందైతే షాపింగు మానేసి ఆమె ఇంట్లో టీతో కూర్చునే తేదీలు అడగండి. ఆమెతోనే కాక ఎవరితోనూ, ఎక్కడికీ కదలబుద్ధి కాకపోతే, నిద్రా తిండీ కూడా తేడాగా ఉంటే, అది ఈ జాబితాతో తేలే విషయం కాదు, డాక్టరుకి చూపించుకోవాలి. ఆమెతో గడపడమే ఇష్టం లేదని తేలితే తేదీలు పెట్టుకోవడం ఆపెయ్యండి. ఒప్పుకుని తప్పించుకోవడం కన్నా అదే ఆమెకి నయం.

ఈ మూడు నెలల్లో ఆమె మిమ్మల్ని పిలవకపోవచ్చు. అడిగితే ‘నువ్వెలాగూ రావులే’ అనొచ్చు. దానికి వాదన వద్దు. డ్యూటీ ఖాయమైన ఆదివారం ఒకటి చేతిలో పెట్టుకుని మీరే అడగండి. మొదటిసారి ఆమె వంట చెయ్యకపోవచ్చు, మీరు ఏడు రోడ్ల జంక్షన్‌లో దిగి ఫోన్ చేసేదాకా ఇంట్లోంచి కదలకపోవచ్చు. మీరు వస్తారని నమ్మకం కుదిరేదాకా ఆమె అలాగే ఉంటుంది.

ఎప్పుడో ఒకసారి ఆమే చివరి నిమిషంలో మానేస్తుంది. అప్పుడు ‘చూశావా, నీకూ వస్తాయి ఇబ్బందులు’ అన్న మాట నోటిదాకా వస్తుంది. అనకండి. ఆ ఒక్కటి మీ అయిదింటికీ చెల్లు కాదు. ‘సరేలే, చిన్నోడికి జ్వరం తగ్గిందా’ అని అడిగి, తర్వాతి నెల వీక్లీ ఆఫ్ ఏ ఆదివారం పడుతుందో కనుక్కోవడం మొదలుపెట్టండి.